మెయిల్‌ని లింక్డ్‌ఇన్‌కీ వాట్సాప్‌కీ ఎలా కుదించాలి? (ఫార్మా కంపెనీలకు క్యాలిబ్రేషన్ సర్వీసు)

మీటర్‌బాబు:
అందరికీ నమస్కారం. గాజువాకలో మాకు చిన్న క్యాలిబ్రేషన్ ల్యాబ్ ఉంది. ప్రెషర్ గేజీలు, టెంపరేచర్ సెన్సర్లు, డీపీ గేజీలు, తూకం యంత్రాలు చూస్తాం. పరవాడ, అచ్యుతాపురం ఫార్మా యూనిట్లకి మెయిళ్ళు పెడుతుంటాను. జవాబులు మాత్రం అంతంతే. మా బావమరిదేమో లింక్డ్‌ఇన్‌లో, వాట్సాప్‌లో పెట్టి చూడమంటున్నాడు. నేను పంపే మెయిల్ ఇది (అసలుది ఇంగ్లీషులో ఉంటుంది, ఇక్కడ తెలుగు చేశాను):

> విషయం: క్యాలిబ్రేషన్ సేవల పరిచయం
> గౌరవనీయులైన సార్, మా సంస్థ విశాఖపట్నం కేంద్రంగా క్యాలిబ్రేషన్ సేవలు అందిస్తోంది. ISO/IEC 17025:2017 ప్రకారం ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉంది. ప్రెషర్, టెంపరేచర్, డిఫరెన్షియల్ ప్రెషర్, తూకం యంత్రాలు క్యాలిబ్రేట్ చేస్తాం. అనుభవజ్ఞులైన ఇంజనీర్లు ఉన్నారు. మా ల్యాబ్‌లోనూ, మీ సైటులోనూ చేస్తాం. సర్టిఫికెట్, స్కోప్, ధరల పట్టిక, క్లయింట్ల జాబితా జత చేశాం. మీ సంస్థకు సేవ చేసే అవకాశం ఇవ్వగలరు.

లింక్డ్‌ఇన్ ఇన్విటేషన్‌తో పాటు రాసే నోట్‌లో 200 అక్షరాలకి మించి పట్టడం లేదు. కిందా మీదా పడి ఇలా చేశాను:

> నమస్తే సార్, ఎన్ఏబీఎల్ ల్యాబ్, వైజాగ్. ప్రెషర్/టెంప్/డీపీ/బ్యాలెన్స్. సైట్ + ల్యాబ్. ధరలు తక్కువ. ప్లీజ్ కాల్.

చదువుతుంటే నాకే బాలేదు. దీన్నే వాట్సాప్‌లోనూ పెట్టొచ్చా?

సేల్స్_శీను:
బ్రదర్, ఈ రోజుల్లో మెయిల్ ఎవరు చూస్తున్నారు? మేనేజర్ల ఇన్‌బాక్సులో వెండర్ మెయిళ్ళు వందలు పడి ఉంటాయి. ఫోన్ మాత్రం చేతిలోనే ఉంటుంది. నంబర్లన్నీ ఒక బ్రాడ్‌కాస్ట్ లిస్టులో వేసి (256 మంది పడతారు) బ్రోచర్ పీడీఎఫ్‌తో కొట్టెయ్యండి. పైన రెండు లైన్లు చాలు.

సుజాత_క్యూఏ:
నేను ఒక ఫార్ములేషన్ యూనిట్ క్యూఏలో చాలా ఏళ్ళు చేశాను. ఇలాంటి మెయిళ్ళు అందుకున్న వైపు నుంచి చెప్తాను.

మీటర్‌బాబు గారూ, మీ మెయిల్ పొడవుగా ఏమీ లేదు. వైజాగ్ ల్యాబ్ ఏదైనా ఇదే మెయిల్ పంపగలదు, చిక్కు అక్కడే ఉంది. ఎన్ఏబీఎల్ ఉంది, ఇంజనీర్లు ఉన్నారు, సైటుకి వస్తాం అని అందరూ రాస్తారు. ఆ వాక్యాల్నే చిన్నవి చేసి లింక్డ్‌ఇన్‌లో పెడితే అందరిలాంటి చిన్న మెసేజ్ తయారైంది. కుదించే ముందు, చదివే మనిషి దేని మీద కళ్ళు ఆపుతాడో చూసుకోవాలి.

మా దగ్గర స్కోప్ పీడీఎఫ్ వస్తే నేను మొదట చూసేవి రెండే. ఒకటి, సైటులో చేసే పనికి కూడా గుర్తింపు ఉందా, లేక ల్యాబ్ లోపల చేసేదానికేనా. స్కోప్‌లో ఈ రెండూ విడివిడిగా రాసి ఉంటాయి. సైటుకి వస్తాం అనే ల్యాబులు చాలా ఉన్నాయి, సైటుకి స్కోప్ ఉన్నవి అన్ని లేవు. రెండోది డీపీ గేజీల రేంజి. క్లీన్‌రూమ్‌ల మధ్య ఒత్తిడి తేడా పది, పదిహేను పాస్కల్‌ల దగ్గర ఉంటుంది. అంత తక్కువ రేంజి మీ స్కోప్‌లో లేకపోతే మిగతాది ఎంత ఉన్నా మాకు ఉపయోగం లేదు.

ఈ రెండూ మీకు ఉన్నాయా?

మీటర్‌బాబు:
ఉన్నాయి మేడమ్. సైటు స్కోప్ ఉంది, డీపీలో 0 నుంచి 60 పాస్కల్ గేజీలు చేస్తాం. అది అంత పెద్ద విషయమని నేను అనుకోలేదు, అందుకే మెయిల్‌లో రాయలేదు. స్కోప్ పీడీఎఫ్ జత చేశాను కదా, చూస్తారులే అనుకున్నాను.

సుజాత_క్యూఏ:
పీడీఎఫ్ తెరవాలంటే ముందు తెరవాలనిపించాలి కదండీ. అది మెయిల్ మొదటి లైన్‌లో ఉండాల్సింది.

అనూష_ఈసీఈ:
హాయ్, నాదీ సేమ్ ప్రాబ్లమ్! లింక్డ్‌ఇన్‌లో సీనియర్లకి రిఫరల్ కోసం రాస్తున్నాను. నా ప్రాజెక్టులు, సీజీపీఏ, స్కిల్స్ అన్నీ 200 అక్షరాల్లో పట్టడం లేదు. నేనూ స్కోప్ అని ఏదైనా పెట్టాలా?

ఫ్రిస్కో_కృష్ణ:
అనూషా, ఇక్కడ స్కోప్ అంటే ల్యాబుకి వచ్చే గుర్తింపు పత్రంలోని జాబితా అమ్మా, నీకు సంబంధం లేదు. నీ కేసు వేరే. రిఫర్ చేసేవాడికి కావలసింది ఏ ఉద్యోగం అన్నది. జాబ్ ఐడీ రాయి, నువ్వు ఏ కాలేజీయో, అతనికీ నీకూ ఉన్న లింకు ఏంటో ఒక ముక్క రాయి. సీజీపీఏ రెజ్యూమేలో చూసుకుంటాడు. "మీ కంపెనీలో ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి" అంటే మాత్రం వెతికే పని అతని నెత్తిన వేసినట్టే, జవాబు రాదు.

ఇక అసలు విషయానికి. నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్ అమ్మే పనిలో ఉన్నాను, లింక్డ్‌ఇన్‌లోనే రోజంతా. బాబు గారికి కొన్ని సంగతులు.

200 అన్నది ఉచిత ఖాతాకి. ప్రీమియం తీసుకుంటే 300 అవుతుంది. ఉచిత ఖాతాలో నెలకి ఇన్ని నోట్లే అని పరిమితి కూడా పెట్టారు, కాబట్టి వాటిని ఎవరికి ఖర్చు పెట్టాలో ఎంచుకోండి. ఫోన్ యాప్‌లో Connect నొక్కితే చాలాసార్లు నోట్ అడగకుండానే ఇన్విటేషన్ వెళ్ళిపోతుంది. ప్రొఫైల్‌లో మూడు చుక్కల మెనూలోకి వెళ్ళి నోట్ రాసే ఆప్షన్ పట్టుకోవాలి. నోట్ లేకుండా పోయిందని వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మూడు వారాల దాకా మళ్ళీ పంపనివ్వదు.

ఇంకోటి. అతను ఒప్పుకున్నాక మీ నోట్ చాట్‌లో మొదటి మెసేజ్‌గా కనిపిస్తుంది. చాలామంది ఇది గమనించక, ఒప్పుకోగానే అదే పరిచయాన్ని మళ్ళీ పేస్ట్ చేస్తారు. ఒకే మాట రెండుసార్లు ఒకదాని కింద ఒకటి. చూడగానే ఇది మిషన్ పంపిందని తెలిసిపోతుంది.

డబ్బు కట్టి పంపే ఇన్‌మెయిల్‌లో 1,900 అక్షరాలు రాయొచ్చు. అన్ని ఇచ్చారు కదా అని మెయిల్ మొత్తం అందులో పోయకండి. 400 లోపు ఉన్నవాటికే జవాబులు ఎక్కువ వస్తున్నాయని లింక్డ్‌ఇన్ వాళ్ళే చెప్పారు.

తెలుగులో రాసే ఆలోచన ఉంటే ఇది కూడా చూసుకోండి. ఒత్తు, గుణింతం గుర్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "క్యాలిబ్రేషన్" కంటికి అయిదు అక్షరాలు, లెక్కలో 13.

రామ్మూర్తి_పర్చేజ్:
నేను రిటైరైన పర్చేజ్ మనిషిని. శీను గారు మెయిల్ ఎవరూ చూడరన్నారు. చూడకపోవచ్చు, కానీ దాస్తారు. ఫార్మాలో కొత్త వెండర్ రావాలంటే ప్రశ్నావళి నింపాలి, క్యూఏ ఒప్పుకోవాలి, కొన్ని కంపెనీలు ల్యాబుకి వచ్చి ఆడిట్ చేస్తాయి. ఆ తర్వాతే ఆమోదించిన వెండర్ల జాబితాలో పేరు ఎక్కుతుంది. ఆ ఫైల్లో వాట్సాప్ స్క్రీన్‌షాట్ పెట్టలేం కదా. ఒకాయన నాకు ధరలు వాట్సాప్‌లో పెట్టాడు, తర్వాత నేను ఫోన్ మార్చాను. ఆ మెసేజ్ కోసం నేను నెల తర్వాత వెతుక్కోవాల్సి వచ్చింది. ధర, స్కోప్, షరతులు మెయిల్‌లోనే ఉండాలి. మీ కుర్రాళ్ళు ఎంత చెప్పినా నేను ఇది ఒప్పుకోను.

సేల్స్_శీను:
రామ్మూర్తి గారూ, ఆర్డర్ దాకా వచ్చాక మెయిల్ సరే. తలుపు తెరిపించడానికి మెయిల్ పనికిరాదనే నా పాయింట్.

సుజాత_క్యూఏ:
శీను గారు ఆ ముక్క కరెక్టే చెప్పారు. కానీ ఆ బ్రాడ్‌కాస్ట్ సలహా పని చేయదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పెట్టిన మెసేజ్, మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది. పరిచయం లేని మేనేజర్ మీ నంబరు ఎందుకు సేవ్ చేసుకుంటాడు? లిస్టులో 256 మందిని వేసినా, చేరేది మీ పాత కస్టమర్లకే. విడివిడిగా పంపితే చేరుతుంది. కానీ తెలియని నంబరు నుంచి వచ్చిన చాట్ తెరవగానే బ్లాక్ చేయాలా, రిపోర్ట్ చేయాలా అనే ఆప్షన్లు అక్కడే కనిపిస్తాయి. కొందరు రిపోర్ట్ కొడితే మీ బిజినెస్ నంబరే పోతుంది. రోజూ కస్టమర్లు ఫోన్ చేసే నంబరు అది.

పైగా తెలియని నంబరు నుంచి వచ్చిన పీడీఎఫ్ నేనైతే తెరవను. మా ఐటీ వాళ్ళు తెరవొద్దనే చెప్పేవాళ్ళు.

బాబు గారికి ఇంకో మాట. మీరు అన్నీ క్యూఏ హెడ్‌కే పంపుతున్నట్టున్నారు. బయటి ల్యాబుని పిలవాలనే ఆలోచన మొదట వచ్చేది ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ళకి. ప్రతి గేజీ మీద చేసిన తేదీ, మళ్ళీ చేయాల్సిన తేదీ స్టిక్కర్ ఉంటుంది. ఆ తేదీ దాటితే గేజీ వాడకూడదు, వాడితే డీవియేషన్ రాయాలి. షట్‌డౌన్‌లో అన్నీ ఒకేసారి మీద పడతాయి, మనుషులు చాలరు. ఆ నొప్పి ఇన్‌స్ట్రుమెంటేషన్ మేనేజర్‌ది. క్యూఏ ఆ తర్వాత మీ కాగితాలు చూసి సరే అంటుంది. అందుకని చిన్న మెసేజ్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌కి, మెయిల్ క్యూఏకీ పర్చేజ్‌కీ. ఒకే విషయాన్ని రెండు సైజుల్లో ఒకే మనిషికి పంపడం కన్నా ఇది నయం.

మీటర్‌బాబు:
ఇది నాకు ఎవరూ చెప్పలేదు మేడమ్. అయితే నోట్ ఇలా మారుస్తాను:

> నమస్తే సార్. గాజువాకలో మాది క్యాలిబ్రేషన్ ల్యాబ్. క్లీన్‌రూమ్ డీపీ గేజీలు సైటులోనే చేయడానికి ఎన్ఏబీఎల్ స్కోప్ ఉంది. మీ షట్‌డౌన్ పని మాకు ఇస్తే తక్కువ ధరకి చేస్తాం.

ఫ్రిస్కో_కృష్ణ:
మొదటి మూడు వాక్యాలు బాగున్నాయి. చివరిది తీసెయ్యండి. ఎవరో తెలియకుండా, ఎన్ని గేజీలో తెలియకుండా తక్కువ ధర అంటే దేనికంటే తక్కువ? పైగా దానికి అతను జవాబివ్వాలంటే నిర్ణయం తీసుకోవాలి. నిర్ణయం అక్కర్లేని ప్రశ్న వెయ్యండి. లిఫ్ట్ కోసం నిలబడినప్పుడు బొటనవేలితో కొట్టగలిగే జవాబు అయ్యుండాలి.

సుజాత_క్యూఏ:
అవును. అతనికి తెలిసిన విషయం, చెప్పడానికి అభ్యంతరం లేని విషయం అడగాలి. గేజీలు ఎన్ని, ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, ఎంతకి అంటే చెప్పరు. ఇలా:

> నమస్తే సార్. గాజువాకలో మాది క్యాలిబ్రేషన్ ల్యాబ్. క్లీన్‌రూమ్ డీపీ గేజీలు సైటులోనే చేయడానికి ఎన్ఏబీఎల్ స్కోప్ ఉంది. మీ దగ్గర షట్‌డౌన్‌లో ఇవి బయటివాళ్ళు చేస్తారా, మీరే చూసుకుంటారా?

జవాబు "బయట" లేదా "మేమే". అంతే.

ఫ్రిస్కో_కృష్ణ:
లెక్క చూశాను, తెలుగులోనే 180 లోపు వచ్చింది. ఇంగ్లీషులో కూడా సరిపోతుంది. ఆ మూడు చుక్కల మెనూ మర్చిపోకండి.

రామ్మూర్తి_పర్చేజ్:
కంపెనీ పేరు లేదు, మనిషి పేరు లేదు. నాకైతే మర్యాదగా అనిపించలేదు.

ఫ్రిస్కో_కృష్ణ:
పేరూ ఫోటోనూ కంపెనీ హెడ్‌లైనూ నోట్ పక్కనే కనిపిస్తాయి సార్. మెయిల్‌లో మీరు అడిగినవన్నీ రాయాల్సిందే, ఇక్కడ ప్రొఫైల్ ఆ పని చేస్తుంది. అందుకే బాబు గారూ, హెడ్‌లైన్‌లో "ప్రొప్రైటర్" అని ఒక్క మాట ఉంటే మార్చండి. ఏ ల్యాబ్, ఏ ఊరు అన్నది అక్కడ ఉంటే నోట్‌లో ఆ చోటు మిగులుతుంది.

మీటర్‌బాబు:
"ఎంటర్‌ప్రెన్యూర్" అని ఉంది 😀 మారుస్తాను. వాట్సాప్ సంగతి? ఒకాయన లింక్డ్‌ఇన్‌లో ఒప్పుకుని నంబరు ఇచ్చారనుకోండి. ఇది రాశాను, చూడండి:

> నమస్తే సార్
> ఎలా ఉన్నారు?
> లింక్డ్‌ఇన్‌లో డీపీ గేజీల గురించి మాట్లాడాం, గాజువాక ల్యాబ్. నవంబర్ షట్‌డౌన్ అన్నారు. గేజీలు సుమారు ఎన్ని, ఏ రేంజి? స్కోప్, ధరలు ఏ మెయిల్ ఐడీకి పంపమంటారు?

మూడు మెసేజ్‌లుగా పెడదామని.

సుజాత_క్యూఏ:
మూడు వద్దు, ఒకటే పెట్టండి. మొదటి రెండు విడిగా వెళ్తే అతని ఫోన్ మూడుసార్లు మోగుతుంది, నోటిఫికేషన్‌లో "నమస్తే సార్" అనే కనిపిస్తుంది. ఎవరో తెలియదు, ఏం కావాలో తెలియదు. ప్రొడక్షన్ ఏరియాలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. మధ్యాహ్నం లాకర్ తెరిచి చూసుకునేసరికి మీ నమస్తే కింద ఇంకో పాతిక చాట్లు ఉంటాయి. మొదటి లైన్‌లోనే "లింక్డ్‌ఇన్, డీపీ గేజీలు, గాజువాక ల్యాబ్" అని కనిపిస్తేనే తెరుస్తాడు.

రెండోది, మీరు మూడు ప్రశ్నలు వేశారు. వాట్సాప్‌లో చివరి ప్రశ్నకే జవాబొస్తుంది, మిగతావి పోతాయి. మెయిల్‌లో అయితే వరసగా జవాబులు రాస్తారు, ఇక్కడ రాయరు. మెయిల్ ఐడీ ఒక్కటే అడగండి. గేజీల సంఖ్య, రేంజి మెయిల్‌లో చిన్న పట్టికలా పెట్టి నింపమనండి. అవి ఎలాగూ కాగితం మీద ఉండాల్సినవే.

రామ్మూర్తి_పర్చేజ్:
ఇది నేను ఒప్పుకుంటాను. ఆ మెయిల్ విషయం లైన్ మాత్రం "సేవల పరిచయం" అని పెట్టకండి. "నవంబర్ షట్‌డౌన్, డీపీ గేజీల సైటు క్యాలిబ్రేషన్, స్కోప్ మరియు ధరలు" అని పెట్టండి. ఆరు నెలల తర్వాత మేం వెతికినా దొరుకుతుంది. అప్పుడు మెయిల్ ఎంత పొడవైనా పరవాలేదు, అడిగించుకుని పంపినది కదా.

సేల్స్_శీను:
నంబరు ఇచ్చినవాళ్ళకే వాట్సాప్ అంటే ఎప్పటికి ఎదుగుతాం మేడమ్? విజిటింగ్ కార్డు మీద నంబరు ఉంది. ఎగ్జిబిషన్ స్టాల్లో ఆయనే ఇచ్చాడు. అది అనుమతి కాదా?

సుజాత_క్యూఏ:
కార్డు స్వయంగా చేతికిచ్చి ఉంటే, ఆ మాట మొదటి లైన్‌లో రాసి పంపండి, నాకేం అభ్యంతరం లేదు. గేటు దగ్గర రిజిస్టర్ నుంచీ, ఎవరో అమ్మే ఎక్సెల్ షీటు నుంచీ తీసిన నంబరైతే వద్దు. "నా నంబరు ఎలా వచ్చింది?" అని అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

సేల్స్_శీను:
ఫీల్డులో అలా కుదరదు. అందరూ చేస్తున్నదే.

ఫ్రిస్కో_కృష్ణ:
మీ ఇద్దరిదీ ఇక్కడ తేలేలా లేదు. వాట్సాప్ బిజినెస్ నియమాల్లో మాత్రం సుజాత గారు చెప్పినట్టే ఉంది, నంబరు వాళ్ళే ఇచ్చి ఉండాలి, మెసేజ్‌లకి ఒప్పుకుని ఉండాలి.

అనూష_ఈసీఈ:
కృష్ణ గారూ, జాబ్ ఐడీ పెట్టి రాశాను, ఒక సీనియర్ రెజ్యూమే అడిగారు. థాంక్యూ! ఇంగ్లీషులో రాయాలా, తెలుగు వాళ్ళయితే తెలుగులోనా?

ఫ్రిస్కో_కృష్ణ:
సంతోషం అమ్మా. నేనైతే ఇంగ్లీషులోనే రాస్తాను. రిఫర్ చేయాలంటే అతను దాన్నే మేనేజర్‌కి ఫార్వర్డ్ చేస్తాడు, ఆ మేనేజర్ ఏ రాష్ట్రం వాడో తెలియదు.

సుజాత_క్యూఏ:
నాకు తెలుగులో పలకరిస్తే బాగుండేది. కానీ మా ప్లాంట్ హెడ్ గుజరాతీ. ఆయనకి చూపించాలంటే నేనే మళ్ళీ ఇంగ్లీషులో రాసుకోవాల్సి వచ్చేది.

మీటర్‌బాబు:
అప్‌డేట్. ఆ నోట్ కొందరు ఇన్‌స్ట్రుమెంటేషన్ మేనేజర్లకి పంపాను. చాలామంది ఇంకా చూడలేదు. ఒకాయన ఒప్పుకుని రెండే మాటలు రాశారు: "మేమే చేసుకుంటాం." ఇక అక్కడితో ఆ కథ అయిపోయినట్టేనా? థాంక్స్ చెప్పి వదిలేయనా?

సేల్స్_శీను:
వదలకండి! బ్రోచర్ పెట్టండి, ఎప్పుడైనా పనికొస్తుంది.

సుజాత_క్యూఏ:
బ్రోచర్ వద్దు. ఆయన చాలా సమాచారం ఇచ్చారు. సొంతంగా చేసుకుంటున్నారంటే వాళ్ళ దగ్గర మాస్టర్ గేజీ ఉంది. ఆ మాస్టర్‌ని వాళ్ళు సొంతంగా క్యాలిబ్రేట్ చేసుకోలేరు, ఎన్ఏబీఎల్ ల్యాబుకి పంపాల్సిందే, సాధారణంగా ఏడాదికోసారి. ఒక్క లైన్ రాయండి: "థాంక్స్ సార్. మీ మాస్టర్ గేజీ క్యాలిబ్రేషన్‌కి వైజాగ్‌లోనే ఇస్తారా, బయటికి పంపుతారా?" హైదరాబాద్‌కో చెన్నైకో పంపుతుంటే, అది తిరిగొచ్చేదాకా వాళ్ళ చేతిలో మాస్టర్ ఉండదు. అక్కడ మీకు చోటు ఉండొచ్చు.

కానీ అది పంపే ముందు మీ స్కోప్ ఒకసారి చూసుకోండి. ప్లాంటు గేజీకి సరిపోయిన అనిశ్చితి మాస్టర్‌కి సరిపోకపోవచ్చు. ఆయన "సరే, మీ సీఎంసీ ఎంత?" అంటే అక్కడ తడబడకూడదు.

మీటర్‌బాబు:
అది మా టెక్నికల్ మేనేజర్‌ని అడగాలి మేడమ్. ఆయన ఇవాళ సైటులో ఉన్నారు, సాయంత్రం వస్తారు. సరిపోతుందంటేనే పంపుతాను.

రామ్మూర్తి_పర్చేజ్:
సరిపోతే ఆ సీఎంసీ అంకె లింక్డ్‌ఇన్‌లో రాయకండి బాబూ, మెయిల్‌లో పెట్టండి.

ఫ్రిస్కో_కృష్ణ:
ఆయన లింక్డ్‌ఇన్‌లో అడిగితే అక్కడే చెప్పాలి కదండీ రామ్మూర్తి గారూ. అంకె అక్కడ, కాగితం మెయిల్‌లో.